హోదా ఒకటి, పని ఒకటి

స్టార్టప్‌లో జీతం పెంచలేనప్పుడు హోదా పెంచుతారు. ఉద్యోగి కోరే వాటన్నిటిలో కంపెనీకి చవకగా పడేది హోదాయే కాబట్టి వీలైనంత పెద్దది ఇచ్చేయవచ్చని పెట్టుబడిదారు మార్క్ ఆండ్రీసన్ వాదన. ఫేస్‌బుక్‌లో జుకర్‌బర్గ్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు దారి: బయట పెద్ద హోదాలో ఉన్నవాళ్లకు కూడా కావాలనే చిన్నది ఇచ్చాడు. బెన్ హోరోవిట్జ్ 2014లో వచ్చిన తన పుస్తకంలో ఈ రెండింటినీ పోల్చి చూపాడు. రెజ్యూమేలు వడపోసే మా ముందుకు ఈ రెండు రకాలవాళ్లూ ఒకే ఉద్యోగానికి వస్తారు.

సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్ కావాలనుకోండి. ఒకరికి నాలుగేళ్ల అనుభవం, హోదా ‘హెడ్ ఆఫ్ ఇంజినీరింగ్’. ఇంకొకరికి ఎనిమిదేళ్లు, హోదా ఉత్త ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’. హోదాలో ‘సీనియర్’ ఉన్నవాళ్లనే చూపమని ఫిల్టర్ పెడితే రెండో రెజ్యూమే మన కంటబడదు. అందుకే నేను వెతికేది నైపుణ్యం, అనుభవంతోనే. హోదా జోలికి పోను.

ఫోన్‌లో అడిగేవి కొన్నే. మీరు చేరినప్పుడు ఇంజినీర్లు ఎంతమంది, ఇప్పుడెంతమంది? ఎవరినీ అడగకుండా మీరే తీసుకున్న నిర్ణయం ఏది? అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరు లేచారు? ‘ఎంతమందిని నడిపించారు’ అని మాత్రం అడగను, దానికి అందరూ పెద్ద అంకే చెబుతారు. ఎవరి జీతం పెంపు మీ చేతుల్లో ఉండేదని అడుగుతాను.

మొదటాయన జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం: కంపెనీలో తొమ్మిది మంది, ఇంజినీర్లు ముగ్గురు, అందులో ఇద్దరు ఇంటర్న్‌లు. డేటాబేస్ ఏదో తేల్చింది ఫౌండరే. కానీ పేమెంట్ల భాగం మొత్తం ఈయనే కట్టాడు, రాత్రుళ్లు లేచిందీ ఈయనే. మనుషులను నడిపిన అనుభవం లేకపోయినా గట్టి ఇంజినీరే. ఐదుగురి జట్టును అరవై మందికి పెంచి ఉంటే లెక్క వేరు. రెండో అభ్యర్థి పెద్ద కంపెనీ మనిషి. ఆమె డిజైన్ చేసిన సర్వీసు మీద మూడు జట్లు నడుస్తాయి, జూనియర్ల డిజైన్లు ఆమె చూశాకే ముందుకు కదులుతాయి. ఇలాంటి చోట కంపెనీ లోపలి లెవెల్ అడిగి తీరాలి. మెటాలో కొత్తగా చేరిన E3 బయటికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరే, ఎంతో అనుభవమున్న E6 కూడా సాఫ్ట్‌వేర్ ఇంజినీరే.

ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలవాలి. అయితే మొదటాయనకు మనం అనుకుంటున్న లెవెల్, జీతం ముందే చెప్పేయాలి. నాలుగు రౌండ్లు అయ్యాక ‘హెడ్’ని ‘ఇంజినీర్’ చేసి ఆఫర్ చేతిలో పెడితే ఆయన రాడు, అందులో తప్పు మనదే.