మిగిలిన ఆమ్లం చెప్పే లెక్క

కడప, కర్నూలు ఇళ్లలో వంటింటి గట్టు మీద చాలాచోట్ల నల్ల కడప బండే కనిపిస్తుంది. పిండిన నిమ్మచెక్కను దాని మీద వదిలేస్తే మర్నాటికి తెల్లగా ఒక మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. అది అంటుకున్న మరక కాదు మరి, రాయి కరిగి నునుపు పోయిన చోటు. ఆ బండ సున్నపురాయి. అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్. ఎర్రకారం పూసిన దోసె తిని ఛాతీలో మంట పుట్టినప్పుడు నమిలే మాత్రలు చాలావాటిలో ఉండేదీ అదే.

ఒక మాత్ర ఎంత ఆమ్లాన్ని తినేస్తుంది? బ్యూరెట్‌లో ఆమ్లం పోసి, మాత్ర పొడి ఉన్న ఫ్లాస్క్‌లోకి చుక్క చుక్కగా వదిలితే తేలిపోతుంది కదా అని డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు అనుకుంటారు. ఒకసారి చేయనిచ్చి చూడాలి. కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరగదనే చెప్పాలి. లీటరు నీటిలో కరిగేది గ్రాములో నూరో వంతు కాస్త దాటుతుంది, అంతే. కాబట్టి వదిలిన చుక్క అడుగున ఉన్న రేణువుల దగ్గరికి వెళ్లి పని చేయాలి. ఈలోగా ద్రవం ఆమ్లంగా మారి సూచిక రంగు తిరుగుతుంది. అయిపోయిందనుకుని కొలత రాసుకుంటుండగానే రేణువులు ఆ ఆమ్లాన్ని తిని, రంగు వెనక్కి వస్తుంది. ఇంకో చుక్క, ఇంకాసేపు ఎదురుచూపు. పొడి తరిగేకొద్దీ, ఆమ్లం పలచగా ఉన్నకొద్దీ ఈ నిదానం పెరుగుతుంది. తొందరపడి ఆపినవాడికి తక్కువ విలువ వస్తుంది. మాత్రలోని పిండి, టాల్క్ మడ్డిగా తేలుతూ రంగును సరిగా కనబడనివ్వవు, అది వేరే చిరాకు.

అందుకే వెనక నుంచి లెక్క కడతారు. అంగడివాడికి ఐదు వందల నోటిచ్చి, వచ్చిన చిల్లర చూసి సరుకు ధర తెలుసుకున్నట్టు. మాత్రకు అవసరమైనదానికంటే ఎక్కువ ఆమ్లాన్ని, కచ్చితంగా కొలిచి, ఒక్కసారే పోస్తారు. ఆమ్లం దండిగా ఉంటే రాయి పొడి వేగంగా, పూర్తిగా కరుగుతుంది. మిగిలిన ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కొలుస్తారు. ఇప్పుడు రెండూ ద్రావణాలే, రెండూ బలమైనవే, రంగు తటపటాయించదు.

అమెరికా ఫార్మకోపియా పద్ధతి ఇలా ఉంటుంది. కనీసం 20 మాత్రలు తూచి సగటు బరువు కట్టి, నూరి, లేబుల్ మీది కనీస మోతాదుకు సరిపడా పొడి తీసుకుంటారు. 70 మిల్లీలీటర్ల నీళ్లు, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్లు పోసి, ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల వద్ద 15 నిమిషాలు కలుపుతారు. వెంటనే 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వదులుతూ పీహెచ్ 3.5 దగ్గర ఆపుతారు.

లేబుల్ మీద మోతాదు ఒక మాత్ర, అందులో 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉందనుకుందాం. పోసిన ఆమ్లం 30 మిల్లీ తుల్యాంకాలు. వెనక్కి కొలిచేటప్పుడు 40.4 మిల్లీలీటర్ల క్షారం పట్టిందంటే, మిగిలిన ఆమ్లం అందులో సగం, 20.2. మాత్ర తిన్నది 9.8. కాల్షియం కార్బొనేట్ 50 మిల్లీగ్రాములు ఒక మిల్లీ తుల్యాంకాన్ని తింటుంది కాబట్టి ఇది 490 మిల్లీగ్రాములకు సమానం.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. సున్నపురాయి పొడిలో కార్బొనేట్ ఎంతుందో చూడటానికి సిమెంటు ల్యాబుల్లో వాడుతూ వచ్చిన పద్ధతీ ఇదే: కొలిచిన ఆమ్లంలో మరిగించి, చల్లార్చి, ఫినాల్ఫ్తలీన్ వేసి, మిగిలినదాన్ని క్షారంతో కొలవడం. అక్కడ మరిగించడం మానేస్తే నీటిలో నిలిచిన కార్బన్ డయాక్సైడ్ కూడా క్షారాన్ని తాగుతుంది. గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి వెలిసిపోతుంది. క్షారం ఎక్కువ ఖర్చయ్యేసరికి రాయి నాసిరకమన్నట్టు తేలుతుంది. పీహెచ్ 3.5 దగ్గర ఆపితే ఈ బెడద లేదు, కార్బానిక్ ఆమ్లం అంత దిగువన క్షారంతో కలబడదు.

అసలు మోసం అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉన్న మాత్రలతో. అది ఆమ్లంలో శుభ్రంగా కరుగుతుంది. ఫినాల్ఫ్తలీన్ గులాబీ అయ్యేదాకా క్షారం పోస్తే మాత్రం, కరిగిన అల్యూమినియం మళ్లీ హైడ్రాక్సైడ్‌గా విరిగి దిగుతుంది. తిన్న ఆమ్లమంతా తిరిగి కక్కినట్టే. లెక్కలో ఆ అల్యూమినియం సత్తా దాదాపు సున్నా. ఫ్లాస్క్‌లో తెల్లని జిగురు తునకలు కనిపించాయంటే దాటిపోయారని అర్థం. పీహెచ్ మీటరు లేని కాలేజీలో బ్రోమోఫినాల్ బ్లూ పనికొస్తుంది. 3 నుంచి 4.6 మధ్య పసుపు నుంచి నీలానికి మారుతుంది. ఆమ్లం పోసి కలిపాక అది పసుపుగానే ఉండాలి. అప్పుడే నీలంగా ఉంటే పోసిన ఆమ్లం చాలలేదు, ఆ ఫ్లాస్క్ పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ కొలత మాత్ర మొత్తం సత్తా చెబుతుంది గానీ, మంట ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పదు. పొడి చేసి కొలిచిన విలువ నమలకుండా మింగిన మాత్రకు వర్తించదు. కాల్షియం మాత్ర అయినా సరే, ముందు లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదవండి; అల్యూమినియం అని ఉంటే ఫినాల్ఫ్తలీన్ సీసా ముట్టుకోకండి.