‘మేము’ కొట్టేసిన చోట

నా దగ్గర రెండు పేజీల ఉత్తరానికి జిరాక్సు ఒకటి ఉంది. 2022 వరదలు తగ్గాక, చర్ల వైపు అడవి అంచున ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే పంతులమ్మ ఖమ్మంలో మిర్చి వ్యాపారం చేసే అబ్బాయికి రాసింది. డిగ్రీలో కలిసి చదువుకున్నారు, ఆరేళ్ళు ప్రేమించుకున్నారు. పేర్లు బయటపెట్టనన్న మాట మీద ఇద్దరూ దీని గురించి రాసుకోమన్నారు.

అందరూ చివర దాచే మాటను ఆమె మొదట్లోనే చెప్పేసింది. “నేను క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. మనం పెళ్ళి చేసుకోవడం కుదరదు. ఈ మాట ముందే రాస్తున్నాను, మిగతాదంతా నువ్వు భయపడకుండా చదువుకోవాలని.” ఇలాంటి ఉత్తరాలు సాధారణంగా పొగడ్తతో మొదలై ‘కానీ’ దగ్గర మలుపు తిరుగుతాయి. ఆ ‘కానీ’ వచ్చిందంటే దాని ముందున్న మంచిమాటలన్నీ ముడుపు చెల్లించినట్టు కనిపిస్తాయి. కబురు ముందే చేరిపోయింది గనక ఇక్కడ ఆ తర్వాత వచ్చే ప్రేమమాటల మీద అనుమానం రాదు. రెండు పేజీల్లో వెతికాను, ‘కానీ’ ఒక్కటీ లేదు.

కారణం చెప్పడానికి ఆమె మనుషుల జోలికి పోలేదు, క్యాలెండర్ తీసింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఖమ్మం యార్డుకు మిర్చి బస్తాలు పోటెత్తుతాయి, అతనికి తిండికి కూడా తీరిక ఉండదు. ఆమెకు పరీక్షలూ అప్పుడే. జూన్‌లో బడి తెరిచేసరికి అతనికి కాస్త తీరిక దొరుకుతుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి పెరిగితే చర్ల దారి మీదికి నీళ్ళొస్తాయి. “నీకు ఖాళీ దొరికే నెలల్లో నాకు దారి ఉండదు” అని ఒకే వాక్యం రాసింది. చర్ల దారిలో వచ్చే భద్రాచలం ఖమ్మం నుంచి నూట ఇరవై కిలోమీటర్ల లోపే. అందుకే ఈ లెక్క కావలసి వచ్చింది. దూరదేశమైతే విడిపోవడానికి దూరమే సాకు అయ్యేది.

ఆ తర్వాత 2022 జూలై. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. నీళ్ళు పెరగకముందే అతను బండి పంపాడు. ఆమె ఎక్కలేదు. ముంపు ఊళ్ళవాళ్ళు బడిలో తలదాచుకుంటే వాళ్ళకు వండిపెడుతూ ఉండిపోయింది. “నువ్వు బండి పంపడం సరైనదే. నేను ఎక్కకపోవడమూ సరైనదే. ఆ రెండూ సరైనవే కావడం వల్లే ఈ ఉత్తరం.” ‘వల్ల’ అన్న మాటను ఆమె ఇక్కడ ఒక్కచోటే వాడింది, అదీ ‘నీ’ పక్కన పెట్టకుండా. ‘నీ వల్ల’ అంటే తెలుగులో సగం నింద మోపినట్టే.

అన్నిటికంటే నన్ను ఆపింది రెండో పేజీలో ఒక కొట్టివేత. మొదట “మేము ఇక్కడే ఉంటాం” అని రాసి, ‘మేము’ మీద గీత కొట్టి, పైన “నేనూ పిల్లలూ” అని దిద్దింది. ‘మనం’లో వినేవాడు ఉంటాడు, ‘మేము’లో ఉండడు. ఆరేళ్ళు ‘మనం’ అన్న నోటితో ‘మేము’ అంటే అతన్ని బయట నిలబెట్టి తలుపు వేసినట్టు అవుతుంది. “నేనూ పిల్లలూ”లో తలుపేమీ లేదు, అక్కడ ఎవరున్నారో చెప్పడమే ఉంది. గడిచిన రోజుల దగ్గర ఆమె ‘మనం’ అలాగే ఉంచింది. రాబోయే రోజుల దగ్గర మాత్రం, పెళ్ళి కుదరదన్న ఆ మొదటి మాట తప్ప, ‘నేను’, ‘నువ్వు’ అని విడివిడిగా రాసింది.

“నువ్వు ఇక్కడికి వచ్చి ఉంటే” లాంటి వాక్యమూ లేదు. జరగనిదాన్ని తలచుకునే ఆ ‘ఉంటే’, చదివేవాడి చేత రాత్రంతా లెక్కలు వేయిస్తుంది. “నాకంటే మంచి అమ్మాయి దొరుకుతుంది” అన్న ఓదార్పూ లేదు. దానికి బదులు పనిమాటలున్నాయి: అతని తల్లికి తనే వచ్చి చెబుతుంది, కోయ మాటలు రాసుకొమ్మని అతను కొనిచ్చిన నోటుబుక్కు తనే ఉంచుకుంటుంది.

ఒక్కచోట పట్టు సడలింది. “ఈ సీజన్ అయ్యేదాకా ఫోన్ చేయకు” అంది. గడువు పెడితే ఆ తర్వాత చేయొచ్చేమోనని ఆశ పుడుతుంది. అతను మే నెలలో చేశాడట. ఆమె ఎత్తింది, బాగోగులు అడిగింది, ఉత్తరంలోని మాటే మళ్ళీ చెప్పింది.

“కోపం తెచ్చుకుందామని రెండుసార్లు చదివాను అన్నా, ఒక్క మాటా దొరకలేదు” అన్నాడతను. చివర సంతకం చూపించాడు. పాత ఉత్తరాలన్నిటిలో “ఇట్లు, నీ” అని రాసి పేరు ఉండేదట. ఇందులో “ఇట్లు” ఉంది, కింద పేరుంది. మధ్యలో ఒక్క అక్షరం పట్టేంత జాగా మాత్రం అలాగే వదిలేసింది.