నాలుగు కొలువులు, ఒక్క కథ

పదేళ్లలో నాలుగు చోట్ల నాలుగు రకాల పనులు చేసినవారు రెజ్యుమె రాయడానికి కూర్చుంటే మొదట హోదాలే కాగితం మీదికొస్తాయి. షాపులో అసిస్టెంట్, బడిలో టీచర్, నగదు సంస్థలో కస్టోడియన్, గోదాములో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. వాటిని వరసగా పెట్టి చదివితే నలుగురు మనుషుల వివరాలు ఒకే కాగితం మీద పడ్డట్టుంటుంది. చదివే అధికారికి రెండు అనుమానాలు వస్తాయి. ఈ మనిషి ఎక్కడా నిలవడేమో, దేనిలోనూ లోతు లేదేమో. ఈ రెండింటికీ కాగితం మీదే జవాబు చెప్పగలిగే పద్ధతి ఒకటి ఉంది. దానికి యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

అమెరికాలో రిచర్డ్ బోల్స్ అనే క్రైస్తవ మతాధికారి 1960ల చివర్లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత కళాశాలల్లో పనిచేసే మతబోధకులకు సాయపడే పనిలో చేరాడు. వాళ్ల కొలువులూ ఊడిపోతున్న రోజులవి. ప్రార్థనలు నడిపించడం తప్ప ఇంకేం తెలుసని బయటివాళ్లు అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. వాళ్ల కోసం రాసిన చిన్న పుస్తకాన్ని బోల్స్ 1970లో సొంతంగా అచ్చు వేసుకున్నాడు. తర్వాత అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అందులోని మూల సూత్రం సులువైనది. ఉద్యోగం పేరును పక్కన పెట్టి, ఆ ఉద్యోగంలో చేసిన పనుల్ని క్రియాపదాలుగా రాసుకోవాలి. హోదా పాత చోటే ఉండిపోతుంది, క్రియ మనిషితో పాటు వస్తుంది.

ఈ పద్ధతి మన దగ్గర ఎలా నడుస్తుందో చూడటానికి ఒక యువకుణ్ని ఊహించుకుందాం. ఊరు ఖమ్మం, చదువు బీఎస్సీ కెమిస్ట్రీ. 2015 నుంచి 2017 దాకా మందుల షాపులో బిల్లింగూ స్టాకూ చూశాడు. తర్వాత మూడేళ్లు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాడు. 2020లో కోవిడ్‌తో బళ్లు మూతపడి జీతం ఆగిపోతే, ఏటీఎంలలో నగదు నింపే సంస్థలో చేరాడు. 2022 నుంచి హైదరాబాద్ శివార్లలో ఒక ఆన్‌లైన్ అమ్మకాల గోదాములో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. ఇప్పుడు ఒక మందుల కంపెనీ డిపోలో స్టాక్ ఇన్‌ఛార్జ్ పోస్టుకు దరఖాస్తు పెడుతున్నాడు.

ముందుగా ఒక్కో కొలువుకూ ఒక్కో కాగితం తీసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులతో ఏం చేశాడో రాయాలి. నేనైతే రెజ్యుమె జోలికి పోకముందు ఈ పనికే ఒక ఆదివారమంతా ఇవ్వమంటాను. మందుల షాపు కాగితం మీద ఇవి వస్తాయి: స్టాకిస్టు పంపిన పెట్టెలు విప్పి బిల్లుతో సరిచూడటం, బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఎక్కించడం, గడువు దగ్గరపడిన మందుల్ని అరలో ముందుకు జరపడం, గడువు తీరినవాటిని లెక్కగట్టి వెనక్కి పంపడం. ఏటీఎం పని మీద ఇవి: మెషీన్ నుంచి కౌంటర్ చీటీ తీయడం, లోపల మిగిలిన నోట్లు లెక్కించడం, చీటీలోని అంకెతో సరిపోల్చడం, తేడా వస్తే ఎన్ని నోట్లు ఏ క్యాసెట్లో తప్పాయో రాసి పంపడం. గోదాము మీద: లోపలికొచ్చిన సరుకు స్కాన్ చేయించడం, రోజూ కొన్ని అరల సరుకును లెక్కించి కంప్యూటర్లోని అంకెతో పోల్చడం, లేని సరుకు ఏ అరలో దాక్కుందో వెతికించడం.

ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే కొలువుల్ని కలిపే దారం కంటికి కనిపిస్తుంది. సరుకో నగదో చేతికొచ్చినదాన్ని రికార్డుతో సరిపోల్చడం, తేడా వస్తే కారణం పట్టుకోవడం. మందుల డిపో యజమానికి నిద్ర పట్టనివ్వని సమస్య కూడా అదే. ఏ బ్యాచ్ ఎక్కడుంది, ముందు గడువు తీరేది ముందు బయటికి పోతోందా, కంప్యూటర్ లెక్కా అరలోని పెట్టెలూ ఒకటేనా? ప్రకటనలో పది అర్హతలు రాసినా వాటి వెనక ఇలాంటి భయం ఒకటో రెండో ఉంటాయి. అందుకే దారం ఎంచుకునేముందు ప్రకటనను రెండు మూడు సార్లు చదవాలి. ఇదే యువకుడు అమ్మకాల ఉద్యోగానికి వెళ్తే ఇదే జీవితంలోంచి వేరే దారం లాగాల్సి వస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు.

చాలామంది తడబడేది దారం వెడల్పు దగ్గర. ‘అందరితో కలిసి పనిచేస్తాను, కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను’ అని రాస్తే నాలుగు కొలువులూ అందులో ఇమిడిపోతాయి నిజమే. పక్కింటివాళ్ల కొలువులు కూడా ఇమిడిపోతాయి. పరీక్ష ఇలా పెట్టుకోవచ్చు: పేరు మూసేసి ఆ వాక్యం ఇంకొకరి కాగితం మీద అతికిస్తే సరిపోతుందా? సరిపోతే అది దారం కాదు. రెండో పరీక్ష ఇంకా గట్టిది. దారంలో ఉందని చెప్పే ప్రతి కొలువు నుంచీ ఒక నిజమైన సంఘటన చెప్పగలగాలి. ఎక్కడ, ఏ తేడా వచ్చింది, ఎలా దొరికింది. సంఘటన గుర్తుకు రాకపోతే ఆ కొలువును దారంలోంచి తీసేయాలి.

అలా చూస్తే బడి కొలువు బయటే ఉండిపోతుంది. పిల్లలకు సైన్సు చెప్పడాన్ని స్టాకు లెక్కలతో ముడిపెట్టాలని చూస్తే వినేవారికి వెంటనే తెలిసిపోతుంది, ఆ ఒక్క అతుకు వల్ల మిగతా మూడు నిజాలూ అనుమానంలో పడతాయి. సంవత్సరాలు, బడి పేరు, చెప్పిన తరగతులు ఒక వరుసలో రాసి వదిలేయడమే మేలు. రెజ్యుమె పైన వచ్చే పరిచయ వాక్యంలో కూడా ఈ నిజాయితీ కనిపించాలి: ‘మందుల షాపు, ఏటీఎం నగదు, గోదాముల్లో ఏడేళ్లుగా సరుకూ నగదూ రికార్డుతో సరిపోల్చి, తేడాలకు కారణం కనిపెట్టే పని.’ పదేళ్లని రాయలేదు. బడిలోని మూడేళ్లూ ఆ లెక్కలోకి రావు.

ఆ వాక్యం కింద ప్రకటనకు పనికొచ్చే మూడు నాలుగు పనులు ఏ కొలువులో చేశాడో చెబుతూ రాయాలి. ఆ తర్వాత అన్ని కొలువులూ తేదీలతో, కొత్తది పైన, పాతది కింద. కొందరు తేదీలు తీసేసి నైపుణ్యాల జాబితా ఒక్కటే పెడతారు. దాన్ని నేను ఒప్పుకోను. తేదీలు లేని కాగితం చూడగానే నియామక అధికారి వెతికేది దాచిన ఖాళీలనే.

కాగితం పని అయ్యాక ఇంటర్వ్యూ. అక్కడ అడిగే ప్రశ్న వేరు: ఎందుకు మారారు? దీని గురించి షార్లెట్ లిండ్ అనే భాషాశాస్త్రవేత్త లోతుగా పరిశీలించింది. అమెరికన్లు తమ వృత్తిని ఎలా ఎంచుకున్నారో చెప్పుకునే తీరును విశ్లేషిస్తూ 1993లో పుస్తకం వెలువరించింది. వినేవారు ఒప్పుకునేంత కారణం చూపడం వాళ్ల కథల్లో ముఖ్యమని ఆమె గమనించింది. అంతా యాదృచ్ఛికంగా జరిగిందంటే మనిషికి దిక్కూ దరీ లేనట్టు వినిపిస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉందంటే ఆ మనిషి ఎంచుకున్నదేమీ లేనట్టు అవుతుంది. నమ్మదగిన కథ ఈ రెండింటి మధ్య నడుస్తుంది.

మన యువకుడికి దీన్ని అన్వయిద్దాం. ‘పరిస్థితులు అలా వచ్చాయండి’ అంటే మొదటి తప్పు. ‘చిన్నప్పటి నుంచీ స్టాకు నిర్వహణే నా కల’ అంటే రెండో తప్పు, పైగా బడిలో గడిపిన మూడేళ్లు దాన్ని అక్కడికక్కడే కొట్టేస్తాయి. అతను ఇలా చెప్పొచ్చు: ‘సర్, డిగ్రీ అయ్యాక మందుల షాపులో చేరాను. గడువు తేదీల పుస్తకం నా చేతికిచ్చారు, ఆ పని నాకు పట్టుబడింది. జీతం చాలక బడికి వెళ్లాను. కోవిడ్‌లో బడి మూతపడింది. ఏటీఎం పనిలో చేరింది అవసరం కొద్దీనే. కానీ అక్కడ రోజూ లెక్క తేల్చి ఇంటికి వెళ్లడం అలవాటైంది, నాకు వచ్చిన పని ఇదేనని అప్పుడు అర్థమైంది. గోదాము ఉద్యోగాన్ని మాత్రం ఏరి కోరి తీసుకున్నాను. మీ డిపోలో ఆ లెక్కతో పాటు నాకు మొదట పరిచయమైన మందులూ ఉన్నాయి.’

ఈ జవాబులో బలవంతపు మార్పు బలవంతపుదిగానే ఉంది, ఎంపిక ఎంపికగా ఉంది. జీతం మాట దాచలేదు. దారం మొదట్లో తెలియదని, మధ్యలో తెలిసిందని చెప్పడమే దీనికి బలం. చాలామంది జీవితాల్లో జరిగేదీ అదే. రెండు నిమిషాలకు మించకుండా చెప్పి, ఒక సంఘటనను చేతిలో ఉంచుకుని ఆగాలి. అధికారి దాని గురించి అడిగితే కథ పనిచేసినట్టు. ‘అయితే బడి ఎందుకు వదిలారు?’ అని మళ్లీ వెనక్కే వెళ్తుంటే మార్పుల దగ్గర కారణం చాలలేదని గుర్తించి, ఆ చోటును సరిచేసుకోవాలి.

ఈ కథనం చేయలేని పనులూ ఉన్నాయి. ఇది చట్టం అడిగే అర్హతకు బదులు కాదు. ఫార్మసిస్టు పోస్టుకు ఫార్మసీ చదువూ రిజిస్ట్రేషనూ కావాలి, మందుల షాపు అనుభవం ఎంత చక్కగా చెప్పినా అక్కడ చెల్లదు. కొత్త రంగంలో హోదా కొంచెం కిందికి దిగే అవకాశమూ ఉంటుంది.

అన్నిటికన్నా గట్టి హద్దు రుజువు. దారం ఎంచుకోవడం మన ఇష్టం, తేదీలు మాత్రం మన ఇష్టం కావు. పీఎఫ్ ఖాతా ఉన్నవారి సర్వీసు చరిత్ర యూఏఎన్ కింద ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో చూపిస్తుంది, కంపెనీల తరఫున వివరాలు సరిచూసేవారు దాన్ని అడుగుతారు. హైదరాబాద్‌లో డబ్బుకు నకిలీ అనుభవ పత్రాలు ఇచ్చేవాళ్లున్నారు. అతుకుల బొంతలా కనిపిస్తుందన్న భయంతో రెండు కొలువులు దాచి మూడోదాన్ని సాగదీసినవారు ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా పట్టుబడి బయటికి పోతున్నారు. నాలుగు కొలువుల నిజమైన కథ చెప్పడం వచ్చినవారికి ఆ పత్రంతో అవసరమే ఉండదు.

పీఎఫ్ సాధారణంగా ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకే తప్పనిసరి కాబట్టి, మన యువకుడి మందుల షాపు కొలువు ఆ రికార్డులో ఉండకపోవచ్చు. అతని కథ మొదలయ్యేది మాత్రం అక్కడే. మీకూ అలాంటి చిన్న కొలువు ఉంటే, షాపు యజమాని ఊళ్లో ఉండగానే వెళ్లి, చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని రాసిన ఉత్తరం సంతకంతో తీసుకోండి. జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా దానికి జత చేసి పెట్టుకోండి.