పాదాన్ని బిగించే టెండన్

నడిచేటప్పుడు మడమ నేలకు ఆనగానే పాదం కాస్త వదులవ్వాలి. అప్పుడే ఎగుడుదిగుడు నేలకు అది సర్దుకుంటుంది. అరసెకను గడిచి మడమ పైకి లేచే వేళకు అదే పాదం ఒకే గట్టి ముక్కగా మారాలి. అప్పుడే పిక్క కండరం లాగిన బలం వేళ్ల దాకా చేరి ఒంటిని ముందుకు నెడుతుంది. అడుగడుగునా జరిగే ఈ మార్పులో ఎక్కువ పని చేసేది టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం, దాని టెండన్.

ఈ కండరం పిక్కలో బాగా లోతున, ఎముకలను అంటిపెట్టుకుని పుడుతుంది. దాని టెండన్ చీలమండ లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక వెనక నుంచి, బావి గిలక మీద తాడులా మలుపు తిరిగి, అరికాలి వైపు వస్తుంది. ముఖ్యంగా నావిక్యులర్ అనే ఎముకకు అతుక్కుని, అక్కడి నుంచి పాయలుగా విడి పాదం మధ్యలోని మరికొన్ని ఎముకలనూ పట్టుకుంటుంది. అది లాగితే మడమ లోపలికి తిరుగుతుంది. పాదం మధ్యలో పక్కపక్కన రెండు కీళ్లు ఉన్నాయి. మడమ బయటికి ఒరిగినప్పుడు వాటి ఇరుసులు ఇంచుమించు సమాంతరంగా ఉంటాయి కాబట్టి రెండూ కలిసి వంగుతాయి. మడమ లోపలికి తిరిగితే ఇరుసులు ఒకదానికొకటి ఏటవాలుగా పడతాయి. ఇక ఒక కీలు వంగబోతే రెండోది అడ్డుపడుతుంది, పాదం బిగుసుకుంటుంది. విడిగా తాళమంటూ లేదు, రెండు ఇరుసుల కోణమే ఆ పని చేస్తోంది.

ఇంత పని చేసే టెండన్ కదిలే దూరం సుమారు రెండు సెంటీమీటర్లే. అందుకే అది తెగనక్కర్లేదు, ఒక సెంటీమీటరు సాగినా చాలు, లాగుడు వృథా అవుతుంది. పైగా మలుపు తిరిగే చోట దానికి రక్తం అందేది తక్కువ. వయసు, అధిక బరువు, మధుమేహం, బీపీ ఉన్నవారిలో ఎక్కువగా అరిగేది అక్కడే. అది సడలితే పాదాన్ని బయటికి లాగే పెరోనియస్ బ్రెవిస్ కండరానికి ఎదురుండదు. టాలస్ ఎముక తలను కింద నుంచి మోసే స్ప్రింగ్ లిగమెంట్ మీద భారం పడి అదీ సాగుతుంది. మడమ బయటికి ఒరిగాక దాన్ని పిక్క టెండన్ కూడా బయటికే లాగడం మొదలుపెడుతుంది. పాదం వంపు కూలడానికి ఇన్ని కారణాలు తోడవుతాయి.

యాభై ఆరేళ్ల స్త్రీని ఊహించుకుందాం. కొన్ని నెలలుగా ఒక కాలి చీలమండకు లోపలివైపు నొప్పి, వాపు. బెణుకని కట్టు కట్టించుకుంది, తగ్గలేదు. ఇప్పుడు చెప్పు లోపలి అంచు త్వరగా అరుగుతోంది. ఆమెను మోకాళ్ల దాకా కాళ్లు కనిపించేలా నిలబెట్టి వెనక నుంచి చూడాలి. బాగున్న కాలి బయటి అంచున చిటికెన వేలు, దాని పక్క వేలు మాత్రమే కనబడతాయి. బాధపడే కాలికి వాటితో పాటు మరో ఒకటి రెండు వేళ్లు కూడా కనబడితే పాదం ముందు భాగం బయటికి తిరిగిపోయిందన్నమాట.

తర్వాతిది అన్నిటికన్నా విలువైన పరీక్ష. గోడకు వేలి కొసలు మాత్రం ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తమనాలి. టెండన్ బాగుంటే మడమ లేస్తూ లోపలికి తిరుగుతుంది. ఆమె మడమ లేవదు, లేచినా లోపలికి తిరగదు. ఇక్కడ మోసపోయే అవకాశం ఉంది. మోకాలు వంచినా, గోడ మీద భారం వేసినా మడమ ఎత్తినట్టే కనిపిస్తుంది. తర్వాత ఆమెను కూర్చోబెట్టి, పాదాన్ని కిందికి వంచి ఉంచి, డాక్టరు చేతిని లోపలివైపు నెట్టమనాలి. పాదం పైకి వంగి ఉంటే ముందువైపు కండరం సాయానికి వచ్చి బలహీనతను దాచేస్తుంది.

చివరి ప్రశ్న: ఈ ఒరుగు చేత్తో సరిచేస్తే సరవుతుందా? మడమను పట్టి నిటారుకు తెచ్చి చూస్తే ఆమెది సరయింది. అలా నిటారుగా పట్టుకునే, మోకాలు చాపి పాదాన్ని పైకి వంచి చూడాలి. పిక్క బిగువు అప్పుడే బయటపడుతుంది, మడమను వదిలేస్తే పాదం మధ్యలో వంగి దాన్ని కప్పేస్తుంది. ఎక్స్‌రేలు నిలబడే తీయాలి. పడుకోబెట్టి తీస్తే కూలిన వంపు కూడా బాగానే కనిపించవచ్చు.

1989లో జాన్సన్, స్ట్రామ్ చేసిన దశల విభజన ఈ పరీక్షల మీదే నిలబడింది. మొదటి దశలో టెండన్ చుట్టూ వాపే తప్ప సాగుడు లేదు, మడమ ఎత్తగలరు. రెండో దశలో టెండన్ సాగింది, పాదం ఒరిగింది, అయినా చేత్తో సరవుతుంది. మూడో దశలో ఒరుగు బిగుసుకుపోయింది. తర్వాత మయర్సన్ చేర్చిన నాలుగో దశలో చీలమండ కీలు కూడా పక్కకు వంగింది.

మొదటి దశలో కొన్ని వారాలు వాకింగ్ బూట్‌తోనో కట్టుతోనో విశ్రాంతినిచ్చి, తర్వాత మడమ లోపలి అంచును ఎత్తే ఇన్‌సోల్, క్రమంగా పెంచే వ్యాయామం ఇస్తారు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వరు, ఇస్తే తెగే ప్రమాదం ఉంది. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇన్‌సోల్ బూటులో ఉంటుంది, ఇంట్లో తిరిగేది ఉత్తకాళ్లతో. ఇంట్లోకి విడిగా వెనక పట్టీ ఉన్న చెప్పులు పెట్టుకోకపోతే చికిత్స సగం రోజే జరిగినట్టు.

మన ఉదాహరణలోని స్త్రీది రెండో దశ. చీలమండను పట్టి ఉంచే బ్రేసు, వ్యాయామం కొన్ని నెలలు చేసి చూస్తారు. చాలామంది ఆపరేషన్ లేకుండానే కుదుటపడతారు. కుదరకపోతే పక్కనే నడిచే మరో టెండన్‌ను, అంటే చిన్న వేళ్లను వంచేదాన్ని, కత్తిరించి నావిక్యులర్‌లో తొలిచిన రంధ్రం గుండా దూర్చి, పాదాన్ని లోపలికి తిప్పి పట్టుకుని బిగిస్తారు. ఈ ఎంపికలో చాలా ఆలోచన ఉంది. రెండిటి దారీ ఒకటే, నడకలో పని చేసే సమయమూ ఒకటే. అరికాల్లో దానికి బొటనవేలి టెండన్‌తో సంబంధం ఉండటంతో చిన్న వేళ్లు పూర్తిగా చేతకానివి కావు.

కానీ దాని బలం పాత కండరంలో మూడో వంతు మాత్రమే. టెండన్ మార్చి ఊరుకుంటే ఒరిగిన మడమ దాన్నీ సాగదీస్తుంది. అందుకే బయటివైపు నుంచి మడమ ఎముకను ఏటవాలుగా కోసి, వెనక ముక్కను దాదాపు ఒక సెంటీమీటరు లోపలికి జరిపి, స్క్రూతో బిగిస్తారు. ఆ జరుపుడుతో పిక్క టెండన్ లాగే దిశే మారుతుంది, ఇంతవరకూ వంపును కూల్చిన బలం ఇక దాన్ని కాపాడుతుంది. పిక్క బిగువు ఉంటే దాన్నీ సడలిస్తారు. పాదం ముందు భాగం మరీ బయటికి తిరిగి ఉంటే మడమ ఎముక ముందు భాగాన్ని కోసి, ఎముక ముక్క చేర్చి బయటి అంచును పొడిగిస్తారు. దాదాపు ఆరు వారాలు ఆ కాలి మీద బరువు వేయకూడదు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చు. వంపు చూపుకు మునుపటిలా రాకపోయినా నొప్పి పోవడం, మడమ లేవడం ఫలితానికి కొలతలు.

మూడో దశలో బిగుసుకున్న కీళ్లకు కొత్త టెండన్ వల్ల ఉపయోగం లేదు. ఒరుగు సరిచేసి, మడమ కీలును, పాదం మధ్య కీళ్లను ఎముకకు ఎముక అతుక్కునేలా కలిపేస్తారు. టెండన్ అడుగడుగునా బిగించి వదిలిన పాదాన్ని ఇక్కడ శాశ్వతంగా బిగించేస్తున్నారన్నమాట. నొప్పి పోతుంది, నెట్టే బలం వస్తుంది, ఎగుడుదిగుడు నేలకు సర్దుకునే గుణం మాత్రం పోతుంది. ఆ భారమంతా పైనున్న చీలమండ కీలు మీద పడుతుంది కాబట్టి, అది నాలుగో దశకు చేరలేదని ఆపరేషన్‌కు ముందే ఎక్స్‌రేలో చూసుకోవాలి.