డబ్బా విప్పకముందే రాయాల్సిన స్క్రిప్టు

రెండు ఫోన్లు బల్ల మీద ఉన్నాయి. డబ్బాలకి సీలు ఇంకా తీయలేదు. వీడియో స్క్రిప్టు మాత్రం మూడొంతులు పూర్తయింది. ఇది చూసి మార్టూరులో నాతోపాటు వీడియోలు తీసే కుర్రాడొకడు నవ్వాడు. "వాడకుండానే ఏం రాశావన్నా?" అని. పోలిక వీడియోకి వాడకముందు రాసిందే అసలు స్క్రిప్టు అని నా నమ్మకం. వాడాక రాసేది ఖాళీలు నింపడమే.

ఎందుకంటే ఫోను చేతిలోకి వచ్చిన పది నిమిషాల్లో మనకొక ఇష్టం పుడుతుంది. ఒకటి చేతిలో బాగా ఇముడుతుంది, రెండోదాని రంగు నచ్చదు. ఆ తర్వాత ఎంచుకునే పరీక్షలన్నీ మనకు తెలియకుండానే నచ్చినదాని వైపు జరుగుతాయి. కెమెరా బాగుంటే కెమెరాకి నాలుగు నిమిషాలు, బ్యాటరీకి అర నిమిషం. డబ్బు తీసుకుని చెప్పే అబద్ధాన్ని జనం ఎప్పటికైనా పసిగడతారు. ఈ మొగ్గు అబద్ధం కాదు కాబట్టి పట్టుకోవడం కష్టం, చెప్పేవాడికి కూడా.

ఈసారి జత శాంసంగ్ గెలాక్సీ ఎం05, రెడ్‌మీ 13సీ 4జీ. మొదటిది 2024 సెప్టెంబరులో రూ.7,999కి వచ్చింది. రెండోది 2023 డిసెంబరులో వచ్చింది, అదీ పదివేల లోపు రకమే. సరికొత్తవి కాకపోయినా వీటిని ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒక్కటే, మీడియాటెక్ హీలియో జీ85. రెండింటి బ్యాటరీ 5000 ఎంఏహెచ్. రెండింటి మీదా 50 మెగాపిక్సెల్ అనే రాసి ఉంటుంది. డబ్బా మీది పెద్ద అంకెలు మూడూ సమానమైతే, వాటిని చదివి వినిపించి కాలం గడిపే వీలుండదు. వేగం గురించి స్క్రిప్టులో ఒక్క వాక్యమే ఉంది: "ప్రాసెసర్ ఒకటే, వేగం దగ్గర గెలుపోటములు చెప్పను."

తర్వాత రాసుకోవాల్సింది ఈ వీడియో ఎవరికోసమో. "అందరికోసం" అంటే తీర్పు రాదు. నేను రాసుకున్నది ఒక మిర్చి కౌలు రైతుని. కల్లం మీద కాయ ఎండబోస్తాడు. ఫొటో తీసి వాట్సాప్‌లో వ్యాపారికి పంపుతాడు, గుంటూరు యార్డు ధరలు చూసుకుంటాడు, కూలీలకు యూపీఐలో డబ్బులేస్తాడు. కొన్న ఫోన్ని నాలుగేళ్లు వాడతాడు. ఆటలు ఆడడు. ఆయన్ని ముందు పెట్టుకున్నాక నా పరీక్షలు మూడే మిగిలాయి: ఎర్రకాయ ఫొటో, లాకు తీయడం, బ్యాటరీ.

ఫొటో సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఫోన్ కెమెరాలు ఎరుపుని ముదిరించి చూపిస్తాయి, చూసేవాళ్లకి అదే బాగుంటుంది కాబట్టి. తేజ కాయ రాశిని మధ్యాహ్నపు ఎండలో తీస్తే ఎరుపు హద్దు దాటి, కాయ మీది ముడతలు, నీడలు అన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్దలా కనబడతాయి. అందులో తాలుకాయ ఎంత ఉందో తెలియదు. అలాంటి ఫొటో చూసి ధర చెప్పిన వ్యాపారి సరుకు దగ్గరికొచ్చాక తగ్గిస్తాడు. అంటే ఆ రైతుకి అందంగా తీసే కెమెరా కన్నా ఉన్నదున్నట్టు తీసే కెమెరా కావాలి. మామూలు వీడియోల్లో "కలర్స్ అదిరిపోయాయి" అని మార్కులేసే ఫోనే ఇక్కడ ఓడిపోవచ్చు.

పరీక్ష ఇలా రాసుకున్నాను. గోనెపట్టా మీద దోసెడు మంచి కాయ, పక్కన నాలుగు తాలుకాయలు, ఒక మూల తెల్లకాగితం. కాగితం ఎందుకంటే అది ఫొటోలో పసుపుగానో నీలంగానో కనబడితే ఎరుపు కూడా అంతమేరకు తప్పినట్టే. మొదటి ఫోనుతో ఒకటి, రెండో ఫోనుతో రెండు, మళ్లీ మొదటి ఫోనుతో ఒకటి. ఈ వరసలో తీస్తే ఎండ మెల్లగా మారినా రెండింటికీ సమానంగా పడుతుంది. ఫ్లాష్ లేదు, ఫిల్టర్ లేదు, డబ్బాలోంచి వచ్చిన సెట్టింగులే.

ఏ ఫోను ఫొటోని ఆ ఫోనులోనే చూసి పోల్చడం చాలామంది చేసే పని. అప్పుడు మనం పోలుస్తున్నది కెమెరాని కాదు, కెమెరానీ స్క్రీన్‌నీ కలిపి. అందుకని రెండింటి ఫొటోలూ వాట్సాప్‌లో మూడో ఫోనుకి పంపి, అక్కడ పక్కపక్కన పెట్టి చూడాలి. వ్యాపారి చూసేది కూడా అలాగే కదా. ఇంకో విషయం కూడా తేలుతుంది. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్లని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. వాట్సాప్ దాన్ని ఇంకా కుదిస్తుంది. అవతలి ఫోనుకి చేరేసరికి డబ్బా మీది 50కి మిగిలే విలువ చాలా తక్కువ. మూడో ఫోనులో తాలుకాయల్ని లెక్కపెట్టగలిగితే పాసు, లేకపోతే ఫెయిలు. రెండూ పాసైతే అది సమానమే, బలవంతాన గెలిపించకూడదు.

రెండోది లాకు. ఎం05కి వేలిముద్ర సెన్సార్ లేదు; ముఖం చూపించాలి, లేదా పిన్ కొట్టాలి. 13సీకి పక్క బటన్‌లోనే సెన్సార్ ఉంది. కాగితం మీద 13సీ గెలిచినట్టే. కానీ మా వైపు పనుల్ని గుర్తుపెట్టుకుని పరీక్ష రాయాలి. తొడాలు తీసేచోట ఘాటుకి తట్టుకోలేక ముక్కు మీదుగా తువ్వాలు కట్టుకుంటారు, ఇక ముఖంతో లాకు తెరుచుకోవడం కష్టమే. గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాయి, నీళ్లు, దుమ్ముతో పనిచేసే చేతుల్లో గీతలు అరిగిపోయి, వేలిముద్ర సెన్సార్ కూడా మొండికేస్తుంది. అందుకని ఈ పరీక్ష ఏసీ గదిలో నా చేతులతో చేస్తే లెక్కలోకి రాదు. తువ్వాలు కట్టుకుని ఇరవై సార్లు, దుమ్ము చేతులతో ఇరవై సార్లు, అదీ ఆ పని చేసే మనిషితోనే చేయించాలి. ఎన్నిసార్లు తెరుచుకుందో తెర మీద అంకె వేయాలి. ఓడిపోయిన సార్లు కత్తిరించకూడదు.

మూడోది బ్యాటరీ. రెండింట్లోనూ 5000 అని ఉన్నంతమాత్రాన ఒకేలా నడవవు. 13సీ స్క్రీన్ సెకనుకి 90 సార్లు మారగలదు, ఎం05ది 60. ఇక్కడ అందరం కాలు జారే చోటు వెలుతురు. రెండింట్లోనూ బ్రైట్‌నెస్ సగానికి పెట్టాం, సమానం అనుకుంటాం. ఒక్కో స్క్రీన్‌కి సగం ఒక్కోలా ఉంటుంది. రెండింట్లోనూ ఒకే తెల్ల బొమ్మ తెరిచి, చీకటి గదిలో పక్కపక్కన పెట్టి, కంటికి ఒక్కలా కనబడేదాకా సర్దాలి. ఒకే కంపెనీ సిమ్ రెండింట్లో వేసి, ఒకే చోట ఉంచి, ఒకే వీడియో నడపాలి. గంటసేపు నడిపి ఎంత శాతం తగ్గిందో చెప్పడం కూడా నమ్మదగ్గది కాదు. చాలా ఫోన్లలో మొదటి పది శాతం నిదానంగా, చివరి పది శాతం గబగబా దిగుతాయి. నిండుగా ఉన్నప్పటినుంచి ఆరిపోయేదాకా నడపాల్సిందే. కొత్త ఫోను మొదటి రోజంతా అప్‌డేట్లు దింపుకుంటూ వెనకాల పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ గొడవ సద్దుమణిగాకే పరీక్ష మొదలు.

ఇక్కడ ముందుగానే ఒక గీత గీశాను: తేడా గంటలోపు ఉంటే సమానం అనే చెబుతాను. నా దగ్గరున్నది ఒక్కో మోడల్‌లో ఒక్క ఫోనే. అదే మోడల్ ఇంకో డబ్బా విప్పితే పది ఇరవై నిమిషాలు అటూ ఇటూ రావచ్చు. అంత చిన్న తేడాని పట్టుకుని విజేతని ప్రకటిస్తే అది లెక్కల ముసుగులో ఊహే. పదికి 7.8, 7.6 అని మార్కులేయడం మానేసింది కూడా అందుకే. ఆ దశాంశం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

చిత్రీకరణలోనూ పక్షపాతం దూరుతుంది. రెండు స్క్రీన్లని ఒకే ఫ్రేములో తీసేటప్పుడు కెమెరా ఎక్స్‌పోజర్‌ని లాక్ చేయకపోతే, ఒకటి వెలిగినప్పుడు రెండోది డల్లుగా కనబడుతుంది. ట్యూబులైటు కింద షట్టర్ 1/50 దగ్గర పెట్టకపోతే వెలుతురు చారలు పారుతుంటాయి, అవి ఫోను తప్పేమోనని చూసేవాళ్లు అనుకుంటారు. సగం వీడియో అయ్యాక ఎడమ ఫోన్ని కుడికి మార్చడం కూడా స్క్రిప్టులోనే రాసి ఉంచాను.

డబ్బు సంగతి మొదటి నిమిషంలోనే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం, కంపెనీతో లావాదేవీ ఉంటే ఆ మాట వీడియో లోపలే ఉండాలి, కింద వివరాల్లో పెడితే సరిపోదు. రాతలోనూ మాటలోనూ ఉండాలి, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. ఊరికే ఇచ్చిన ఫోను కూడా లావాదేవీ కిందికే వస్తుంది. నా వాక్యం ఇది: "ఈ రెండూ దుకాణంలో నా డబ్బుతో కొన్నాను. కింద లింకు నొక్కి కొంటే నాకు కమిషన్ వస్తుంది, రెండు ఫోన్లకీ అంతే వస్తుంది." రెండో వాక్యం చెప్పనివాళ్లే ఎక్కువ.

ఇక తీర్పు. "రెండూ మంచివే, మీ అవసరాన్ని బట్టి తీసుకోండి" అనేది తీర్పు కాదు, తప్పించుకోవడం. చూసేవాడు అవసరం చెప్పుకునే వచ్చాడు. నా తీర్పుకి వరస ముందే ఉంది. ఫొటోలో ఒకటి ఫెయిలైతే అది ఓడినట్టే, తక్కినవి ఎంత బాగున్నా సరే. అక్కడ సమానమైతే లాకు, అక్కడా సమానమైతే బ్యాటరీ. మూడూ సమానమైతేనే ధర. ఆ ధర కూడా ఫోను వాడుకోవడానికి అయ్యే మొత్తం. ఎం05 డబ్బాలో చార్జర్ ఉండదు, ఇంట్లో లేకపోతే దాని ఖరీదు కలపాలి. దాంట్లో 64 జీబీ, 13సీలో 128 జీబీ. కార్డు రెండింట్లోనూ పడుతుంది కానీ కార్డుకీ డబ్బులే. ఎం05 వైపు ఒక గట్టి మాట ఉంది. దానికి నాలుగేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పింది, యూపీఐ వాడేవాడికి అది చిన్న విషయం కాదు. అయితే ఆ నాలుగేళ్లు లెక్కకొచ్చేది ఫోను విడుదలైన రోజునుంచి, మనం కొన్న రోజునుంచి కాదు.

కాబట్టి చివరి పేరాలో ఫోను పేరు దగ్గర ఖాళీ వదిలి, తక్కినదంతా ఇప్పుడే రాసేశాను: "ఈ రైతుకి నేను కొనిచ్చేది ఫలానా ఫోను. ఇది రెండోదానికన్నా వెనకబడ్డ చోటు ఇది. రెండోది వెయ్యి రూపాయలు తగ్గితే నా మాట మారుతుంది." లేదా మారదు. ఆ మూడో వాక్యం చెప్పలేకపోతే మొదటి వాక్యం చెప్పేందుకు కావలసినంత పరీక్ష జరగలేదని అర్థం. అప్పుడు వీడియో ఇంకో వారం ఆగుతుంది.