జారిపోయిన పద్యం, జరిగిన ఖాళీ

అలంకారాన్ని గుర్తించమనే ప్రశ్నకు పద్యమే ఆధారం కాబట్టి, పద్యాన్ని వదిలేసి ప్రశ్నను మాత్రం అచ్చువేస్తే అది పరీక్ష కాదు, జోస్యం చెప్పమనడం. అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య జిరాక్సు దుకాణాల్లో చేతులు మారే డీఎస్సీ తెలుగు మెటీరియల్‌లో ఈ వారం మళ్ళీ అదే కనిపించింది: "పై పద్యంలోని అలంకారమేది?" అన్న ప్రశ్న, కింద నాలుగు జవాబులు, పైన వట్టి గడి.

అను ఫాంట్ల మీద ఈ శీర్షికకున్న కోపం పాఠకులకు కొత్త కాదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలు రోమన్ అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి కనుక, ఫాంటు లేని కంప్యూటర్‌లో పద్యం పిచ్చి గీతలుగా మారుతుంది; అందుకని డీటీపీ చేసేవారు పద్యాన్ని బొమ్మగా అతికిస్తారు, తర్వాత ఎవరో అక్షరాలను మాత్రమే కాపీ చేసినప్పుడు బొమ్మ వెనకే ఉండిపోతుంది. పాదాలను యూనికోడ్‌లో టైపు చేసి అతికిస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది.

అతికించిన పాదాల్లో అక్షరం జారితే ఛందస్సు, అంటే గురులఘువుల నియమం, పట్టిస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. పైగా సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది కనుక, ఒక్క ఒత్తు రాలినా చాలాసార్లు గణం చెడి దొరికిపోతుంది. అయితే పదాల మధ్య ఖాళీ ఛందస్సు లెక్కలోకి రాదు. చిక్కంతా అక్కడే.

ఉదాహరణకోసం కల్పించిన ఈ వాక్యాన్ని చూడవచ్చు: "తోరణము కట్టిన వారితో రణము తగునా?" మొదటిది గుమ్మానికి కట్టే తోరణం, రెండోది "తో" విభక్తి ప్రత్యయమూ యుద్ధమనే అర్థంగల "రణము" అనే పదమూ కలిసినది; అవే అక్షరాలు వేరే అర్థంతో తిరిగి వచ్చాయి కనుక ఇది యమకం. అతికించేటప్పుడు పంక్తి "వారి" దగ్గర విరిగి "వారి తోరణము" అయితే, పదమూ అర్థమూ రెండూ పునరుక్తమై, తాత్పర్యభేదం మాత్రమే ఉండవలసిన లాటానుప్రాసలా భ్రమింపజేస్తుంది. ఒక్క అక్షరమూ పోలేదు, గణాలు చెక్కుచెదరలేదు. జవాబుల పట్టికలో యమకమని ఉంటుంది, ఎదుట ఉన్న పాఠాన్ని నమ్మిన అభ్యర్థికి మార్కు పోతుంది.

ఆ మాటకొస్తే బొమ్మగా అతికించినవారే కొంత నయం: బొమ్మ ఉంటే ఖాళీలు ఉన్నచోటే ఉంటాయి, పోతే పోయినట్టు అందరికీ తెలుస్తుంది. టైపు చేసిన పాదాలే దిక్కైనప్పుడు, అలంకారం జోలికి పోకముందు పదవిభాగం, ఆపైన అన్వయం, అంటే పదాలను వాక్యక్రమంలో పేర్చడం, చేసితీరాలి. పై వాక్యంలో "వారి తోరణము తగునా" అన్నప్పుడు దేనికి తగునో తేలదు. అన్వయం అక్కడ కుంటుతుంది కనుక ఖాళీని ఒక్క అక్షరం ముందుకు జరిపి చూడవలసి ఉంటుంది.