‘-వచ్చు’ రూపం: అనువాదంలో నిశ్చయస్థాయి

ఆంగ్లంలోని ‘మే’కు తెలుగులో ‘-వచ్చు’ సమానార్థకమని అనువాదకులు సాధారణంగా భావిస్తారు. అయితే ఈ రూపం అనుమతినీ సంభావ్యతనూ కూడా సూచిస్తుంది. ‘రోగి రేపు ఇంటికి వెళ్లవచ్చు’ అన్న వాక్యం వైద్యుని అనుమతో, ఇతరుల ఊహో స్పష్టం కాదు. వ్యతిరేకార్థంలోకి మార్చితే భేదం తేటపడుతుంది: అనుమతి అయితే ‘వెళ్లకూడదు’, సంభావ్యత అయితే ‘వెళ్లకపోవచ్చు’ అవుతుంది.

‘మే నాట్’ను అనువదించేటప్పుడు ఈ భేదమే కీలకం. మందు కొందరికి గుణమివ్వకపోవచ్చునని మూలం చెప్పినప్పుడు ‘గుణమివ్వదు’ అని రాస్తే సందేహం నిశ్చయంగా మారుతుంది. నిబంధనలో ‘దరఖాస్తుదారు మార్పులు చేయకూడదు’ అనవలసినచోట ‘చేయకపోవచ్చు’ అంటే నిషేధమే లోపిస్తుంది. అయితే ఈ పరీక్ష తెలుగు వాక్యంలోని సందిగ్ధతను మాత్రమే చూపుతుంది. ఏ అర్థం ఉద్దిష్టమో మూలసందర్భమే నిర్ణయించాలి.